టమాటా ధర మండితే వడ్డీ రేటు ఎందుకు పెంచరు?

(రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా పేపర్లో ద్రవ్యోల్బణం గురించి రెండు అంకెలు వస్తాయి. మొదటిది మొత్తం ధరల పెరుగుదల. దీన్ని హెడ్‌లైన్ అంటారు. రెండోది కోర్, అంటే అందులోంచి ఆహారాన్ని, వంటగ్యాసు, కరెంటు లాంటి ఇంధనాన్ని తీసేసి చూసే లెక్క. మనం పండించేదంతా మొదటి అంకెలో ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. ఎందుకు తీసేస్తారో, దానివల్ల మనకు ఒరిగేదేమిటో 2023 నాటి టమాటా మీదుగా చూద్దాం.

ఆ ఏడాది జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటిపోయింది. దేశం మొత్తమ్మీద చూసినా టమాటా ధర అంతకు ముందు జూలైతో పోలిస్తే మూడింతలైంది. ధరల సూచీని ఒక కుటుంబం పెట్టే వంద రూపాయల ఖర్చు అనుకోండి. అప్పటి సూచీలో ఆహారం వాటా దాదాపు 46 రూపాయలు. అందులో టమాటా వాటా అర్ధరూపాయి పైచిలుకే. ఆ అర్ధరూపాయి సరుకు మూడింతలైతే, ఆ ఒక్కదాని వల్లే మొత్తం ఖర్చు సుమారు ఒక రూపాయి పెరుగుతుంది. ఆ నెల హెడ్‌లైన్ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎక్కింది. కోర్ మాత్రం 5 శాతం లోపే ఉంది.

చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు చూడాల్సింది హెడ్‌లైన్‌నే. అది 4 శాతం ఉండాలి, 6 దాటకూడదు. అయినా ఆగస్టు 10న రెపో రేటును 6.5 శాతం దగ్గరే ఉంచింది. జూలై అంకె బయటికొచ్చింది ఆ తర్వాత నాలుగు రోజులకే గానీ, కూరగాయల వల్ల అది పెరగబోతోందని వాళ్లకు ముందే తెలుసు. మరి ఎందుకు ఆగారు?

టమాటా నాటిన రెండు నెలలకు, రెండున్నర నెలలకు కోతకొస్తుంది. వడ్డీ పెంచితే దాని ప్రభావం ధరల మీద పూర్తిగా పడడానికి ఏడాదికి పైనే పడుతుంది. వడ్డీ పెంచితే కొనేవాళ్ల చేతిలో డబ్బు తగ్గుతుంది గానీ, వానకు పాడైన తోట మళ్లీ కాయదు. ముడిచమురూ అంతే, దాని ధర ప్రపంచ మార్కెట్లో తేలుతుంది, ముంబైలో కాదు. చివరికి జరిగిందీ అదే. కొత్త పంట రాగానే ధర కూలింది. సెప్టెంబరుకు హెడ్‌లైన్ 5.02 శాతానికి దిగింది. జూలైలో వడ్డీ పెంచి ఉంటే, ఆ దెబ్బ ధర తగ్గిపోయాక తగిలేది.

అయితే ఈ ఓపికకు ఒక హద్దుంది. ఆహార ధరలు నెలల తరబడి దిగకపోతే కూలీలు కూలి పెంచమంటారు, హోటలువాడు టిఫిను ధర పెంచుతాడు, ఆటో కిరాయి పెరుగుతుంది. అప్పుడు ఆహారం మంట కోర్‌కు అంటుకుంటుంది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా ఆహార ద్రవ్యోల్బణం 8 శాతం పైనే నిలిచింది. కోర్ 3 శాతం దగ్గరకు తగ్గినా రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించలేదు. అందుకే మొదటి తగ్గింపు 2025 ఫిబ్రవరి దాకా రాలేదు. ట్రాక్టరు లోనుకు, సబ్సిడీ వర్తించని అప్పులకు మనం కట్టిన వడ్డీలో ఈ ఆలస్యం కూడా ఉంది.

ఇక మనకు అసలు తగిలింది వేరే వైపు నుంచి. బ్యాంకు ఆగినా ప్రభుత్వం ఆగలేదు. 2023 జూలై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 19న ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసింది. ధర పెరిగితే వారాల్లో ఆదేశాలు వచ్చాయి. సెప్టెంబరులో టమాటా కోత కూలి కూడా రాక రైతులు పారబోసినప్పుడు అంత వేగంగా ఏ ఆదేశమూ రాలేదు.

2024 జూలైలో ఆర్థిక సర్వే ఒక మాట అంది: ఆహారాన్ని వదిలేసిన ద్రవ్యోల్బణాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం గురించి ఆలోచించాలని. వినడానికి మనకు మేలులా ఉంటుంది. కానీ బియ్యం కొనుక్కుని తినేవాళ్లలో కూలీలూ, చిన్న రైతులూ ఉన్నారు. వాళ్ల ఖర్చులో సగం తిండికే. ఆ సగాన్ని లెక్కలోంచి తీసేస్తే వాళ్ల బాధ అంకెలో కనిపించకుండా పోతుంది. పైగా ఎగుమతి నిషేధం పెట్టేది రిజర్వు బ్యాంకు కాదు, కాబట్టి లక్ష్యం మార్చినంత మాత్రాన ఆ నిషేధాలు ఆగవు.

కనుక మనం అడగాల్సింది కోర్ లెక్క మార్చమని కాదు. పంట వచ్చే రెండు నెలలు బ్యాంకు ఓపిక పట్టగలిగినప్పుడు, ఎగుమతుల మీద ఆదేశాలిచ్చే వాళ్లు కూడా అంత ఓపిక పట్టాలి. ధర పెరిగినప్పుడు ఎంత వేగంగా కదిలారో, పడిపోయినప్పుడు కొనుగోలుకు అంతే వేగంగా కదలాలి.