నిన్న రాయించిన అర్జీ దానికి గుర్తుండదు

(మన సంఘం నిర్వహించిన డిజిటల్ శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మీరు సెల్‌ఫోనులో చాట్ ప్రోగ్రాం తెరిచి ఉత్తరాలు, అర్జీలు రాయించుకోవడం నేర్చుకున్నారు. ఈ రోజు నేను ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. నిన్న మీరు దానితో చెప్పుకున్నది ఇవాళ దానికి గుర్తుండదు. ఇది తెలియకపోతే ఎంత చిక్కు వస్తుందో మన తరగతిలోనే చూశాం.

పోయిన వారం ఒక ఆపా తన కూతురి ఇంటర్ రెండో సంవత్సరం ఫీజు సాయం కోసం అర్జీ రాయించారు. ఫీజు మొత్తం 18,000 రూపాయలు. ఆమె బట్టలు కుట్టి 7,000 కట్టారు. ఇంకా 11,000 బాకీ. భర్త చనిపోయి నాలుగేళ్లయింది. ఇవన్నీ చెప్పి రాయిస్తే అర్జీ చక్కగా వచ్చింది. ఫోను కట్టేసి ఇంటికి వెళ్లారు. మర్నాడు మళ్లీ తెరిచి, కొత్త చాట్ మొదలుపెట్టి, "నిన్న రాసిన అర్జీలో తేదీ మార్చు" అన్నారు. అది "అలాగే" అని క్షణంలో అర్జీ రాసిచ్చింది. చదివితే బాకీ 25,000 అని ఉంది. పిల్ల తండ్రి ఆటో నడుపుతున్నాడని ఉంది!

ఆపా చదివి చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. చదవకుండా సంతకం పెట్టి ఇచ్చి ఉంటే? విచారణకు వెళ్లినవాళ్లకు ఇంట్లో కనబడేది ఒకటి, కాగితం మీద ఉన్నది ఇంకొకటి. నిజంగా అవసరంలో ఉన్న మనిషి అబద్ధం చెప్పినట్టు అయ్యేది.

ఆపా నన్ను అడిగారు: "నిన్న అంతసేపు చెప్పాను కదా భాయ్, ఎలా మరిచిపోయింది?" నిజానికి అది మరిచిపోలేదు. దానికి అసలు అందలేదు.

ఎమ్మార్వో ఆఫీసు బయట చెట్టుకింద అర్జీలు రాసే ఒక మున్షీ గారిని అనుకోండి. ఎన్నో వేల అర్జీలు చదివినవాడు. అర్జీ ఎలా ఉండాలో బాగా తెలుసు. కానీ మీ మొహం గాని, మీ మాట గాని ఒక్క నిమిషం కూడా గుర్తుండదు. ఆయన ముందు ఒక కాగితం పెడితే, అందులో ఉన్నది మొదటినుంచి చదివి, కింద తన జవాబు రాస్తాడు. మీరు ఇంకో మాట అడగాలంటే అదే కాగితం మీద రాసి మళ్లీ ఇవ్వాలి. ఆయన మళ్లీ మొదటినుంచి చదువుతాడు. చాట్ ప్రోగ్రాం పనిచేసేది ఇలాగే. మీరు పంపే మీట నొక్కిన ప్రతిసారీ, ఆ చాట్‌లో అంతవరకు జరిగిన మాటలన్నీ మీ కొత్త ప్రశ్నతో పాటు దాని ముందుకు వెళ్తాయి. అందుకే ఒకే చాట్‌లో ఉన్నంతసేపు అన్నీ గుర్తున్నట్టు మాట్లాడుతుంది. కొత్త చాట్ అంటే తెల్ల కాగితం. ఆ తెల్ల కాగితం మీద ఆపా "నిన్న రాసిన అర్జీ" అని ఒక్క ముక్క రాసిచ్చారు. మున్షీ గారు తనకు తెలిసిన వేల అర్జీల పద్ధతిలో ఒకటి ఊహించి రాశారు. కొన్నిసార్లు "నిన్నటి అర్జీ నా దగ్గర లేదు, ఇక్కడ పెట్టండి" అని చెబుతుంది. కానీ ప్రతిసారీ చెబుతుందన్న నమ్మకం లేదు.

మరి ఏం చేయాలి? మొదటిది, కొత్త చాట్ తెరవకండి. పక్కన ఉన్న మూడు గీతల గుర్తు నొక్కితే పాత చాట్‌ల జాబితా వస్తుంది. నిన్నటి దాన్ని తెరిచి, అందులోనే కింద అడగండి. అప్పుడు నిన్నటి కాగితమే దాని ముందుకు వెళ్తుంది. లాగిన్ కాకుండా వాడినవాళ్లకు మాత్రం ఈ జాబితా ఉండకపోవచ్చు.

ఈ దారికీ ఒక హద్దు ఉంది. మున్షీ గారి బల్ల మీద కొన్ని కాగితాలే పడతాయి. ఒకే చాట్‌ను రోజుల తరబడి సాగదీస్తే, మొదట చెప్పిన సంగతులు జారిపోతాయి. తెలుగు మాటలను ఈ ప్రోగ్రాంలు సాధారణంగా ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలుగా విడగొట్టి చదువుతాయి కాబట్టి, తెలుగులో ఆ బల్ల ఇంకా తొందరగా నిండుతుంది. మొదట్లో చెప్పిన అంకె తప్పుగా తిరిగొస్తే, బల్ల నిండిందేమోనని అనుమానించండి.

అందుకే రెండోది, అన్నిటికంటే గట్టిది: మీ సంగతులు మీ దగ్గర రాసిపెట్టుకోండి. ఆపా చేత నేను రాయించిన చీటీ ఇది: "అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఫీజు 18,000. కట్టింది 7,000. బాకీ 11,000. తండ్రి లేడు. తల్లి టైలరింగ్ చేస్తుంది. ఇందులో లేనిది ఏదీ చేర్చవద్దు. కావాలంటే నన్ను అడుగు." ఆమె దీన్ని వాట్సాప్‌లో తనకు తానే పంపుకున్నారు. పూర్తయిన అర్జీని కూడా అలాగే దాచుకున్నారు. ఇప్పుడు ఎప్పుడు కొత్త చాట్ తెరిచినా ముందు ఈ చీటీ, దాని కింద పాత అర్జీ అతికించి, తర్వాతే పని చెబుతారు. ఆ రోజు మళ్లీ చేయిస్తే తేదీ ఒక్కటే మారింది. అయినా సంతకానికి ముందు అంకెలను చీటీతో సరిచూసుకోవడం మానలేదు.

ఒక అబ్బాయి లేచి, "నా ఫోనులో దానికి నా పేరు గుర్తుంది కదా సార్" అన్నాడు. నిజమే. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీకి 2024లో జ్ఞాపకం అనే సదుపాయం చేర్చారు. ఇప్పుడు మరికొన్నిటిలోనూ ఉంది. అదీ చీటీల పద్ధతే. మీ గురించి కొన్ని సంగతులు కంపెనీ కంప్యూటర్లో రాసిపెట్టి, కొత్త చాట్‌కు ముందు మున్షీ గారి చేతికి అందిస్తారు. ఏది రాసుకోవాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. మీ పేరు రాసుకుని, 11,000 బాకీ వదిలేయవచ్చు. సెట్టింగ్స్‌లో చూసుకోవచ్చు, చెరిపేయవచ్చు, ఆపేయవచ్చు. అర్జీలో అంకెల కోసం మాత్రం దాన్ని నమ్ముకోకండి.

చివరిగా ఒక జాగ్రత్త. దానికి గుర్తుండదు అంటే మీ మాటలు చెరిగిపోయాయని కాదు. మున్షీ గారు మరిచిపోయినా కాగితం బీరువాలో ఉంటుంది. పాత చాట్‌ల జాబితా ఉందంటేనే అవి ఎక్కడో దాచి ఉన్నాయని అర్థం. కాబట్టి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ అందులో రాయవద్దు. అర్జీలో ఆ చోటు ఖాళీగా వదిలి, తర్వాత చేత్తో నింపుకోండి. ఇక్కడి కంప్యూటర్లలో పని అయ్యాక లాగౌట్ చేయకుండా లేవవద్దు. మీ తర్వాత కూర్చున్నవాళ్లకు మీ ఇంటి కష్టమంతా ఆ జాబితాలో కనబడుతుంది. సంఘం తరఫున విచారణకు వెళ్లే సోదరులకూ ఇదే మనవి. జకాత్ తీసుకునే కుటుంబాల పేర్లు, వివరాలు మన దగ్గర అమానత్. వాటిని చాట్‌లో రాయకండి.

ఆ ఆపా ఇక్కడే కూర్చుని ఉన్నారు. నిన్న ఆమె పక్కింటి ఖాలా పింఛను అర్జీ రాయించి పెట్టారట. ముందు ఫోను తీయలేదు, కాగితం కలం తీసి చీటీ రాశారట.