తీర్పు నచ్చకపోతే ఏ తలుపు తట్టాలి?

రాజోలులో కొబ్బరితోట సరిహద్దు దావా ఓడిపోయారనుకోండి. సాక్ష్యాన్ని తప్పుగా అంచనా వేశారనిపిస్తే దారి అప్పీలే. పై కోర్టు వాస్తవాలనూ చట్టాన్నీ మళ్లీ పరిశీలిస్తుంది. జిల్లాలోని కోర్టుకైతే గడువు 30 రోజులు. నకలుకు దరఖాస్తు పెట్టాక కోర్టు తీసుకున్న రోజులు అందులో లెక్కకు రావు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, స్టే విడిగా అడగాలి.

కమిషనర్ నివేదిక ఫైలులోనే ఉన్నా, తీర్పులో ‘లేదు’ అని రాశారా? అది చూడగానే కనిపించే పొరపాటు. అప్పుడు అదే కోర్టులో రివ్యూ వేయవచ్చు, గడువు 30 రోజులే. ఎంత వెదికినా అప్పట్లో దొరకని దస్తావేజు ఇప్పుడు దొరికినా అంతే. పాత వాదనే మళ్లీ వినిపిస్తామంటే మాత్రం కుదరదు.

రివిజన్ హైకోర్టుకు, 90 రోజుల్లోపు. అప్పీలు లేని ఉత్తర్వులో కింది కోర్టు తన అధికార పరిధి దాటితేనో, ఉన్న అధికారం వాడకపోతేనో అది పనికొస్తుంది. హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచదు. మధ్యంతర ఉత్తర్వుపైనైతే, అది మీకు అనుకూలంగా వచ్చి ఉంటే దావా అక్కడితో ముగిసేదై ఉండాలి.

తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి.