పని ముగిసింది, మనుషులం ఇక్కడనే ఉన్నం

(వేములవాడలో సాక్షర భారత్ పాత గ్రామ కోఆర్డినేటర్ల కూటమిలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం జీతం అడగడానికి కూడలేదు. కొలువు మళ్ల ఇయ్యమని దరఖాస్తు రాయడానికీ కూడలేదు. మనం చేసిన పని 2018 మార్చి 31న ముగిసింది. ముగిసిందని ఎరుకే. కానీ ముగింపు కాగితం మనం రాసుకోలేదు. రిజిస్టర్లు కొన్ని పంచాయతీ బీరువాల, కొన్ని మన ఇండ్లల్ల సందూకలల్ల ఉన్నయి. వాటి అట్టల మీద కరీంనగర్ జిల్లా అనే ఉన్నది. 2016 అక్టోబర్‌ల మనది రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. అంటే మనం ఒక జిల్లాల మొదలుపెట్టి, ఇంకో జిల్లాల ఆపినం. ఊరు మాత్రం మారలేదు, మనం మారలేదు. అందుకే ఆ ముగింపు కాగితం ఇయ్యాల రాసుకుందాం.

ముందు ఆ పని ఏందో చెప్పుకోవాలె. కొత్తగ వచ్చిన పిల్లలకు తెలువదు. సాక్షర భారత్ 2009 సెప్టెంబర్ 8న మొదలైంది. 2001 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్ల అక్షరాస్యత సగానికి మించని జిల్లాలను తీసుకున్నరు. పదిహేనేండ్లు దాటినోళ్లకు, ముఖ్యంగా ఆడోళ్లకు, చదువు చెప్పాలె. ప్రతి పంచాయతీల ఒక వయోజన విద్యా కేంద్రం, దానికి మనలాంటోళ్లు ఇద్దరు. నెలకు ఒక్కొక్కరికి 2000 రూపాయల గౌరవ వేతనం. మన కింద వాలంటీర్లు, వాళ్లకు పైసలు లేవు. ఒక్కో వాలంటీర్ ఎనిమిది నుంచి పది మందికి చెప్పాలె. మార్చిల, ఆగస్టుల పరీక్ష. చదువుడుకు 50, రాసుడుకు 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు. కేంద్రంల పేపరు, కొన్ని పుస్తకాలు ఉండాలె. ఇదీ కాగితం మీది పని.

ఇగ నేలమీది పని చెప్త. మా వాడల ఆడోళ్లు పగలంత బీడీలు చేస్తరు, లేకుంటే కూలికి పోతరు. రాత్రి వంట అయినంక వస్తే చదువు, లేకుంటే లేదు. వాచకంల మొదటి పాఠం చెప్తుంటే సగం మంది కండ్లు మూతలు పడేవి. ఒక అక్క ఒకనాడు చాటల తునికాకు పెట్టుకోని వచ్చి, "బిడ్డా, అ ఆ లు తర్వాత చెప్పు, ముందు నా బీడీ పుస్తకంల ఏం రాసిండ్రో చెప్పు" అన్నది. ఆ మాటతోనే మాకు తొవ్వ దొరికింది.

బీడీ కట్టకు 25. నలభై కట్టలైతే వెయ్యి. ఆమె ఇంట్ల నలభై కట్టలు లెక్కపెట్టుకోని పోయింది. పుస్తకంల 37 అని ఉన్నది. మూడు కట్టలు, అంటే 75 బీడీలు, బాగలేవని పక్కకు పెట్టినట్టు లెక్క. అంతకు ముందు ఆమెకు పైసలు తక్కువ వచ్చినయని తెలిసేది, ఎన్ని తక్కువో, ఎందుకు తక్కువో తెలిసేది కాదు. 37 అనే అంకె చదువుడు వచ్చినంక ఆమె అడిగిన మాట ఒక్కటే: "ఏ మూడు కట్టలు? నాకు సూపియ్యి." ఆ దినం నుంచి మేం లెక్కలు వాచకంతోని గాదు, బీడీ పుస్తకంతోనే మొదలుపెట్టినం. పేరు, తారీకు, కట్టలు, తీసేసినవి, మిగిలినవి. ఈ ఐదు ఆమె సొంతంగ చదివిందంటే అది చదువే.

ఇప్పుడు మన తప్పులు కూడ రాయాలె. లేకుంటే ఇది ముగింపు కాగితం గాదు, సన్మాన పత్రం అయితది.

మొదటి తప్పు, సంతకం వచ్చినోళ్లందరినీ చదువు వచ్చినోళ్ల కింద కట్టినం. సంతకం అంటే బొమ్మ గీసినట్టు గీస్తరు. ఎట్ల కనుక్కోవాలె? ఆమె పేరును వేరే మనిషి చేతిరాతల, వేరే పేర్ల నడుమ రాసి సూపియ్యాలె. తన పేరును వెతికి పట్టుకుంటే చదువు వచ్చినట్టు. పట్టుకోకుంటే చెయ్యికి వచ్చింది, కంటికి రాలేదు.

రెండో తప్పు, వాచకంల పాఠం గడగడ సదివితే సంతోషపడ్డం. అది విని విని నోటికి వచ్చింది. ఎన్నడు సూడని కాగితం ఇయ్యాలె. బస్సు బోర్డు, రేషన్ దుకాణం ముందటి పలక, బడి నుంచి పిల్లగాడు తెచ్చిన చీటి. కొత్తదాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కోని సదివినా సరే, అదే నిజమైన పరీక్ష.

మూడోది తప్పు గాదు, నష్టం. పరీక్ష పాసైనంక సదువుకోను ఏమీ లేదు. 2018ల పని ఆగినంక కేంద్రాలకు పేపరు రాలేదు, తాళాలు పడ్డయి. కొత్తగ నేర్చిన అక్షరం వాడకుంటే పోతది. ముందు ఒత్తులు పోతయి, తర్వాత గుణింతాలు పోతయి, చివరికి పేరు, అంకెలు మిగులుతయి. మా పదిమంది గుంపుల ఇయ్యాల్టికీ సదివేటోళ్లు ఎవరు? బీడీ పుస్తకం సొంతంగ సూసుకునేటోళ్లు, సంఘం లెక్కలు రాసేటోళ్లు. సర్టిఫికెట్ పెట్టెల పెట్టుకున్నోళ్లు మరిచిపోయిండ్రు. తెలివి ఎక్కువ తక్కువల ముచ్చట గాదిది, వాడకం ముచ్చట.

ఇంకోటి యాద్ చేసుకుందాం. నెల్లూరు జిల్లా దూబగుంట. అక్కడ కూడ అక్షరాస్యత ఉద్యమమే. 1990ల మొదట్ల, వాచకంల సారా గురించిన పాఠం సదివిన ఆడోళ్లు, ఇది మా ఇంటి కథనే అని సారా దుకాణం మీదికి పోయిండ్రు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది. చదువు చెప్పే కార్యక్రమానికి గడువు ఉంటది, అది అయిపోతది. కానీ సదివిన మాట వాళ్ల బతుకుల మీదిది గనుక, కార్యక్రమం గడువుతోని అది ఆగలేదు. మన బీడీ పుస్తకం ముచ్చట చిన్నదే, కానీ దారి అదే.

ఇగ ఆఖరుకు ఏం రాద్దాం? 2022 నుంచి 2027 దాకని కొత్త అక్షరాస్యత పథకం ఒకటి పెట్టిండ్రు. అందుల చదువు చెప్పేటోళ్లు వాలంటీర్లే, గౌరవ వేతనం లేదు. మన పాత పని అదే రూపంల తిరిగి వస్తదని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు, ఊర్ల ఎవరికీ ఆశ పెట్టవద్దు. ఎవరన్న అడిగితే "నేను కోఆర్డినేటర్‌ను గాదు, ఆ పని అయిపోయింది" అని సాఫ్‌గ చెప్పాలె. పాత హోదాతోని ఏ కాగితం మీద సంతకం పెట్టవద్దు. అట్ల పెడితే రేపు అది నమ్మినోళ్లు నష్టపోతరు.

రిజిస్టర్లు ఇంట్ల పెట్టుకోవద్దు. పంచాయతీ కార్యదర్శికి అప్పజెప్పి, ముట్టినట్టు రాయించుకోవాలె. ఇచ్చేముందు ఒక పని చెయ్యాలె. ప్రతి పేరు పక్కన పరీక్ష గ్రేడు గాదు, ఇయ్యాల ఆమె ఏం సదువగలదో రాయాలె. కొత్త కాగితం సదివేటోళ్లు, పేరూ అంకెలూ మాత్రమే వచ్చేటోళ్లు, మరిచిపోయినోళ్లు, ఊరు ఇడిసిపోయినోళ్లు, చనిపోయినోళ్లు. రేపు ఎవలన్న చదువు చెప్తమని వస్తే, ఎవరితోని ఎక్కడ మొదలుపెట్టాలెనో ఈ లిస్టు చెప్తది. మళ్ల అందరికీ అ ఆ ల నుంచి మొదలుపెట్టి, ఆడోళ్లను విసిగించకుండ ఉంటరు.

మిగిలింది మన గురించి. మనం ఎటూ పోలేదు. అదే వాడ, అదే గడప. ఇప్పటికీ రాత్రి పూట బీడీ పుస్తకం పట్టుకోని ఎవరో ఒకరు వస్తనే ఉన్నరు. వచ్చినప్పుడు మనం సదివి చెప్పుడు అలవాటైంది. అదొక్కటి మానుకుందాం. పుస్తకం ఆమె చేతులనే పెట్టి, "అక్కా, నువ్వే సదువు, నేను ఇంట" అందాం. దానికి పథకం అక్కర లేదు, గౌరవ వేతనం అక్కర లేదు.

ఈ కాగితం కింద అందరం సంతకాలు పెడదాం. పైన ఇట్ల రాద్దాం: పని 2018 మార్చి 31న ముగిసింది, లెక్క ఇయ్యాల అప్పజెప్పినం.

జై భీమ్.