పట్టికను వాక్యంలోకి దింపడం ఎలా?
(మన సంఘ సభ్యులొకరు శాలిబండ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చార్మినార్ విహారయాత్రకు సర్క్యులర్ రాసే పని నాకప్పగించారు. ప్రవేశ రుసుము పట్టిక చూసి ఒక్క వాక్యంలో ఇలా రాశాను: "భారతీయులు, విదేశీయులు నగదుగాను, ఆన్‌లైన్‌లోను వరుసగా 25, 300, 20, 250 రూపాయలు చెల్లించవలెను." అంకెలన్నీ సరైనవే. అయినా ఒక సభ్యుడు ఫోన్ చేసి, "భారతీయులకు ఆన్‌లైన్‌లో 300 ఏమిటండీ?" అన్నారు. ఆయన చదివింది తప్పు కాదు. నేను అంకెలను నిలువుగా దించాను, ఆయన అడ్డంగా చదివారు. ఆ "వరుసగా" అన్న మాటే కొంప ముంచింది.

పురావస్తు శాఖ 2018 ఆగస్టులో సవరించిన ఈ పట్టికలో రెండు వరుసలు, రెండు నిలువు గడులు. మొదటి వరుస భారతీయులది: నగదు 25, నగదు రహితం 20. రెండోది ఇతరులది: నగదు 300, నగదు రహితం 250. ఒక వరుస పూర్తయ్యేవరకు రెండో వరుస ముట్టుకోకూడదు. స్కేలు అడ్డంగా పెట్టుకుంటే మేలు. ప్రతి అంకెకూ దాని గడి శీర్షికను పక్కనే అంటించాలి: "భారతీయులు నగదు ఇస్తే 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో కడితే 20. ఇతరులు నగదు ఇస్తే 300, ఆన్‌లైన్‌లో కడితే 250." చెప్పిన మాటే మళ్ళీ చెప్పినట్టుంటుంది. ఉండనివ్వండి, అది పద్యం కాదు కదా.

శీర్షికను కుదించడంలో ఇంకో చిక్కుంది. మొదటి వరుసలో భారతీయులతో పాటు సార్క్, బిమ్‌స్టెక్ దేశాల పౌరులూ ఉన్నారు. నేను రెండో వరుసను "విదేశీయులు" అని రాయడంతో నేపాలు నుంచి వచ్చిన చుట్టానికి 300 అడిగినట్టయింది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఉచితమన్నది పట్టిక కింది గమనికలో ఉంది. గమనికకు గడి లేదు గనుక దానికి విడిగా ఒక వాక్యం రాయాలి, లేకపోతే జారిపోతుంది.

రాశాక సరిచూసే పద్ధతి ఒకటి చెబుతాను. పట్టికను మూసేసి, నా వాక్యాలు మా ఆవిడ చేతిలో పెట్టి లెక్క అడిగాను: మనమిద్దరం, పన్నెండేళ్ళ మనవడు, అమెరికా నుంచి వచ్చిన ఒక అతిథి. ఆన్‌లైన్‌లో ఎంత? ఇరవై, ఇరవై, సున్న, రెండువందల యాభై, మొత్తం 290. నగదైతే 350. ఆవిడ చెప్పిన లెక్కా, పట్టిక చూసి నేను వేసుకున్న లెక్కా కలిశాయి. మొదటి వాక్యంతో ఈ లెక్క వేయమన్నప్పుడు మాత్రం ఆవిడ కాగితం నా ముందుకే తోసేసింది.

సవరించిన సర్క్యులర్ బల్ల మీద ఉంది, తలా ఒకటి తీసుకోండి. రేట్లు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు కౌంటరు బోర్డు ఒకసారి చూసుకోండి. సెలవు.