చెనక్కాయ విత్తనం: సగటు ఒక్కటే చూడొద్దు

మన బైరెడ్డిపల్లె చేలల్లో కదిరి-6 మేలా, కదిరి లేపాక్షి మేలా అని కొందరు వేసి చూస్తామంటున్నారు. మంచిదే. అయితే చేనును రెండు సగాలు చేయొద్దు. అట్లా చేస్తే పల్లంలో తేమ నిలిచిన సగమే గెలుస్తుంది. వాలుకు అడ్డంగా నాలుగు పట్టీలు తీసి, ప్రతి పట్టీలో రెండు రకాలనూ పక్కపక్కన వేయండి. ఏది ఏ పక్కనో చీటీ తీసి తేల్చండి. గట్టువార సాళ్లు వదిలేసి, కాయ బాగా ఎండినాకే తూకం వేయండి.

ఎకరా లెక్కన లేపాక్షికి నాలుగు పట్టీల్లో 2, 3, 1, 2 బస్తాలు ఎక్కువొచ్చాయనుకోండి. సగటు 2. ఇది కొంత నమ్మదగింది. అదే ఒక పట్టీలో 9 ఎక్కువ, ఇంకోదాంట్లో 1 ఎక్కువ, మిగతా రెండింట్లో ఒక్కో బస్తా తక్కువైనా సగటు 2నే! ఆ 9 వచ్చినచోట పాత పేడదిబ్బ ఉండిందేమో పెద్దోళ్లను అడగండి. మొదటిమాదిరి వచ్చినా అది ఒక్క ఏటి వానకే. ఇంకో ఏడు వేసి చూసినాకే చేనంతా మార్చండి.