చేపల చెరువులోనూ నీళ్లే కదా, మరి కొల్లేరు ఎందుకు?

ఈ ఎపిసోడ్ మన రూమ్‌లో షూట్ చేసింది కాదు. ఏలూరు జిల్లాలో ఒక హైస్కూల్ వాళ్లు చిత్తడి నేలల గురించి ఉదయం అసెంబ్లీలో మాట్లాడమని పిలిచారు. అక్కడ మాట్లాడిందే ఇక్కడ ఇస్తున్నాను.

హెడ్‌మాస్టర్ గారికి, టీచర్లకి నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ గుడ్ మార్నింగ్.

చిత్తడి నేల అంటే ఏంటో మీకు బోర్డు మీద రాసి చెప్పక్కర్లేదు. కొల్లేరు మీకు పక్కనే ఉంది. అందుకే ఈ ఊళ్లలో తరచూ వినిపించే ప్రశ్ననే తీసుకుంటాను. "సరస్సులోనూ నీళ్లే, చేపల చెరువులోనూ నీళ్లే. చెరువు మీదా పక్షులు వాలతాయి. పైగా చెరువు డబ్బులిస్తుంది. మరి గట్లు వేస్తే వచ్చిన నష్టమేంటి?" తప్పు ప్రశ్నేం కాదు. జవాబు కోసం ముందు లెక్క చేద్దాం.

కొల్లేరు కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు ఇందులోకి వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. అంటే నీళ్లు రావడానికి దారులు చాలా ఉన్నాయి, పోవడానికి ఒకటే ఉంది. పైగా నేల దాదాపు చదును, కాబట్టి ఆ ఒక్క దారిలో కూడా నీళ్లు మెల్లగానే కదులుతాయి.

మీరు ఫోన్‌లో వీడియో చూస్తుంటే డేటా ఒక్కోసారి గబగబా వస్తుంది, ఒక్కోసారి ఆగుతుంది. మధ్యలో బఫర్ ఉంటుంది కాబట్టి వీడియో మాత్రం ఆగకుండా నడుస్తుంది. కొల్లేరు చేసేదీ అదే పని. వాన రెండు రోజుల్లో కుమ్మరించిన నీటిని పట్టి ఉంచి, రోజుల తరబడి నిదానంగా ఉప్పుటేరుకి వదులుతుంది.

ఎంత నీటిని పట్టి ఉంచగలదు? సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు నీళ్లుంటే కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఈ 5 అడుగుల కాంటూరు లోపలి భాగాన్నే. ఈ మొత్తం మీద నీళ్లు ఒక్క అడుగు పెరిగాయనుకోండి. ఒక అడుగంటే దాదాపు 0.305 మీటర్లు. గుణిస్తే దాదాపు 9.4 కోట్ల ఘనపు మీటర్లు వస్తుంది, అంటే సుమారు 3.3 టీఎంసీలు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ నిండితే ఉండేది దాదాపు 3 టీఎంసీలే! ఒక బ్యారేజీ నిండా నీళ్లొచ్చి పడినా కొల్లేరు మీ మోకాలి కింద వరకే పెరుగుతుందన్నమాట.

ఇప్పుడు అందులో సగం జాగాకి చుట్టూ ఎత్తైన గట్లు వేశామనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న సగం. గట్ల లోపలి చెరువులు ముందే నిండి ఉంటాయి. వరద నీళ్లు లోపలికి రాకూడదనే కదా గట్టు వేసేది. అదే 3.3 టీఎంసీలు వస్తే మిగిలిన సగంలోనే ఉండాలి, కాబట్టి ఒక అడుగు కాస్తా రెండడుగులవుతుంది. వాన చుక్క కూడా ఎక్కువ పడలేదు, కానీ లంక గ్రామం రోడ్డు మునిగింది. చదును నేల మీద రెండడుగులంటే చిన్న విషయం కాదు. నీటి మట్టం 3 అడుగులున్నప్పుడు కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లే, 5కి చేరేసరికి 308 అవుతుంది.

సో, వరదని ఆపేది సరస్సులో ఉన్న నీళ్లు కాదు, ఖాళీగా ఉన్న చోటు. చెరువులో నీళ్లుంటాయి, ఆ ఖాళీ ఉండదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగింది. కొల్లేరు బాగుంటే విజయవాడ మునిగేది కాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ గండ్లు కొల్లేరుకి చాలా ఎగువన పడ్డాయి. దిగువన ఉన్న సరస్సు ఎగువ ఊరిని కాపాడలేదు. కానీ ఆ నీళ్లు చివరికి చేరింది ఇక్కడికే. ఇక్కడ చోటు ఎంత ఉందన్నది మీ ఊళ్లకి సంబంధించిన విషయం.

రెండోది, నీళ్ల శుభ్రత. ఏరులో పరుగెత్తే నీళ్లు తుంగ, జమ్ము దుబ్బుల మధ్యకి రాగానే నెమ్మదిస్తాయి. నెమ్మదిస్తే మట్టి అడుగుకి దిగుతుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చిన యూరియా నైట్రేటుగా మారి నీళ్లలో ఉంటుంది. అడుగు బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడి బ్యాక్టీరియా ఆ నైట్రేటుని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. కరెంటు అక్కర్లేని ఫిల్టర్ అన్నమాట.

కానీ ఏ ఫిల్టర్‌కైనా ఒక మోతాదు ఉంటుంది. పట్టణాల మురుగు, చెరువుల నుంచి వదిలిన మేత కలిసిన నీళ్లు మోతాదు మించితే గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. అది నీళ్ల మీద పరుచుకుని వెలుతురుని ఆపేస్తుంది. చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ని తినేస్తుంది. ఇది జరుగుతోందని ఎలా తెలుస్తుంది? తెల్లవారుజామున చూడండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గిందని అర్థం. చెరువులు చేసే మీ నాన్నలకి ఇది నాకంటే బాగా తెలుసు. కొర్రమీను, మార్పు లాంటివి గాలి పీల్చగలవు కాబట్టి తట్టుకుంటాయి, మిగతావి తట్టుకోలేవు.

మూడోది, పక్షులు. ఆటపాకలో గూడబాతుల్ని మీరు చూసే ఉంటారు. అవి ఈదుతూ చేపలు పడతాయి, చెరువు లోతు వాటికి ఇబ్బంది కాదు. కానీ ఎర్రకాళ్ల కొంగ నిలబడి వేటాడుతుంది. దానికి కాలు మునిగేంత నీళ్లే కావాలి. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే చిన్న ఉల్లంకి పిట్టలకి ఇంకా తక్కువ నీళ్లు చాలు. కొల్లేరు అంచు మెల్లగా వాలుగా ఉంటుంది కాబట్టి ఒక్కో కాలి పొడవుకీ ఒక్కో చోటు దొరుకుతుంది. చెరువుకి అంచు లేదు. గట్టు దిగితే నేరుగా లోతే. అందుకే చెరువు మీద పక్షులు కనిపించినా రకాలు తగ్గిపోతాయి. 2002లో కొల్లేరుని రామ్‌సార్ జాబితాలో చేర్చారంటే ఈ రకాలు కూడా అందుకొక కారణం.

ఇక కష్టమైన మాట. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకి చోటు దొరికింది, చాలా ఇళ్లకి జీవనం పోయింది. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. బతుకుతెరువు చూపించకుండా గట్టు కొడితే, గట్టు తిరిగొస్తుంది. గట్టు ఉంటే వరద పక్క లంకకి పోతుంది. ఈ రెండూ మీ ఊళ్ల సమస్యలే, మీ ఇళ్లలో మాట్లాడుకోవాల్సినవే.

ఈ సాయంత్రం ఇంట్లో ఫోన్ తీసుకుని శాటిలైట్ మ్యాప్‌లో కొల్లేరు చూడండి. వంకర అంచులున్నది సరస్సు. గళ్ల నోటుబుక్కులా నలుపలకలుగా కనిపించేవి చెరువులు. మీ ఊరి నుంచి ఉప్పుటేరు దాకా వేలితో గీస్తూ వెళ్లండి. నీళ్లకి దారి ఎక్కడ ఇరుకైందో మీకే కనిపిస్తుంది. రేపు సైన్స్ టీచర్‌కి ఆ చోటు చూపించండి. థాంక్యూ.

ఫ్రెండ్స్, అసెంబ్లీ టాక్ ఇంతే. మీ ఊరి చెరువు అంచు వాలుగా ఉందా, గట్టుగా ఉందా? చూసి కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.