తెర ఆరిన తర్వాత ఫోను చేయవలసిన పని: వెబ్ యాప్ చాలునా, స్టోరు యాప్ కావాలా

ఒక వ్యాపారానికి ఫోనులో నడిచే యాప్ కావాలన్న ఆలోచన రాగానే, దానిని ప్లే స్టోరులోనూ యాపిల్ యాప్ స్టోరులోనూ పెట్టించడమే మార్గమని ఎక్కువమంది అనుకుంటారు. ఇలా ఆయా ఫోన్ల కోసం విడిగా రాసి, స్టోరు ద్వారా అందించే యాప్‌ను నేటివ్ యాప్ అంటారు. దీనికి భిన్నమైన రెండవ మార్గానికి అలెక్స్ రస్సెల్, ఫ్రాన్సెస్ బెరిమన్ 2015లో ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అని పేరు పెట్టారు. ఇది నిజానికి బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్‌సైటే అయినా, హోం స్క్రీన్ మీద తన గుర్తుతో నిలుస్తుంది, అడ్రసు పట్టీ లేకుండా పూర్తి తెరలో తెరుచుకుంటుంది, సిగ్నల్ లేని చోట కూడా కొంతమేరకు పనిచేస్తుంది. మన దేశంలో ఈ మార్గం తొలిరోజుల్లోనే పరీక్షకు నిలిచింది. మొబైల్ వెబ్‌సైటును మూసివేసి వాడుకదారులను యాప్‌కే మళ్ళించిన ఫ్లిప్‌కార్ట్, అదే 2015 నవంబరులో ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో వెబ్ యాప్‌ను విడుదల చేసి, తిరిగి బ్రౌజర్ వైపు వచ్చింది.

ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది సాధారణంగా అందం గురించీ వేగం గురించీ జరిగే వాదనగా మారుతుంది. దుకాణాలు, డెయిరీలు, ట్యూషన్ కేంద్రాలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు వంటి పనులకు ఆ రెండు విషయాల్లోనూ వెబ్ యాప్ వెనుకబడదు. అసలు తేడా మరోచోట ఉంది. తెర ఆరిపోయి, ఫోను జేబులో ఉన్నప్పుడు అది ఏ పని చేయాలన్నదే నిర్ణయానికి మూలమైన ప్రశ్న. మనిషి తెర చూస్తూ చేసే పనులకు వెబ్ యాప్ దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. మనిషి చూడనప్పుడు ఫోను తనంత తాను చేయవలసిన పనుల దగ్గరే అది ఆగిపోతుంది.

ఈ హద్దు ఎక్కడ నుంచి వచ్చిందో తెలియాలంటే వెబ్ యాప్ లోపలి నిర్మాణాన్ని కొద్దిగా చూడాలి. అందులో ముఖ్యమైన భాగాలు రెండు. మొదటిది మానిఫెస్ట్, అనగా యాప్ పేరు, గుర్తు, రంగు, తెరుచుకోవలసిన మొదటి పేజీ రాసి ఉన్న చిన్న ఫైలు. రెండవది సర్వీస్ వర్కర్. ఇది పేజీకీ నెట్‌వర్కుకూ నడుమ నిలిచి, ఒకసారి వచ్చిన పేజీలను ఫోనులో దాచి, నెట్ లేనప్పుడు వాటిని అందించే ప్రోగ్రాం. సర్వర్ నుంచి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇది మేల్కొని దానిని చూపి, కొద్దిసేపట్లోనే మళ్ళీ నిద్రపోతుంది. నిరంతరం మేలుకుని ఉండే హక్కు దీనికి లేదు, ఫోను ఉన్న స్థలాన్ని తెలుసుకునే అనుమతి అసలే లేదు. ఒకసారి చూసిన వెబ్‌సైటు ఆ తర్వాత రోజంతా మనిషి వెంట తిరుగుతూ జాడ తీయకూడదన్న ఉద్దేశంతో బ్రౌజర్లు కావాలని గీసిన గీత ఇది.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం స్పష్టపడుతుంది. తెనాలి వంటి పట్టణంలో ఆరువందల ఇళ్ళకు పాలు పోసే ఒక డెయిరీ ఉందనీ, పన్నెండుమంది కుర్రవాళ్ళు ఉదయాన్నే వీధుల్లో తిరిగి పాలు పోస్తారనీ, రెండు వ్యాన్లు పల్లెల నుంచి పాలు తెస్తాయనీ అనుకుందాం. ఈ డెయిరీకి యాప్ కావాలి. ఇక్కడ ఒక యాప్ అన్న మాటలో మూడు వేర్వేరు అవసరాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయకుండా ఒకే నిర్ణయం తీసుకోబోవడమే ఇటువంటి చోట్ల ఎక్కువగా జరిగే పొరపాటు.

మొదటి అవసరం ఇళ్ళవారిది. వారు నెల లెక్క చూసుకోవాలి, ఊరు వెళుతున్నప్పుడు రేపటి పాలు ఆపమని చెప్పాలి, పండుగకు రెండు లీటర్లు అదనంగా అడగాలి, యూపీఐ ద్వారా డబ్బు కట్టాలి. ఇవన్నీ తెర చూస్తూ చేసే పనులే కనుక వెబ్ యాప్ చాలు. నెలకు రెండు మూడుసార్లు మాత్రమే అవసరపడే దానికోసం స్టోరుకు వెళ్ళి యాప్ దింపుకోమంటే చాలా ఇళ్ళు ఆ పని చేయవు. వాట్సాప్‌లో పంపిన లింకును నొక్కితే లెక్క కనబడడమే వారికి అనుకూలం. డబ్బు విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. యూపీఐ యాప్ నుంచి వాడుకదారు తిరిగి వచ్చాడు కాబట్టి డబ్బు ముట్టిందని పేజీ భావించకూడదు, చెల్లింపు గేట్‌వే నుంచి డెయిరీ సర్వర్‌కు నేరుగా సమాచారం వచ్చాకే ఖాతాలో జమ రాయాలి. నేటివ్ యాప్‌కూ ఈ నియమమే వర్తిస్తుంది.

ఇళ్ళవారి విషయంలో నిజమైన చిక్కు నోటిఫికేషన్ల దగ్గర వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ ద్వారా వాడుకదారు ఒకసారి అనుమతిస్తే అవి అందుతాయి. ఐఫోనులో మాత్రం 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచే ఈ సౌకర్యం ఉంది, అది కూడా వెబ్ యాప్‌ను హోం స్క్రీన్‌కు చేర్చుకున్నవారికే. చేర్చుకోమని ఐఫోను తనంతట తాను అడగదు. వాడుకదారే షేర్ గుర్తు నొక్కి, కిందికి జరిపి, `Add to Home Screen` అన్న వరుసను వెతికి పట్టుకోవాలి. ఎవరూ చూపించకపోతే ఈ పని చేసే ఇళ్ళు బహు తక్కువ. కాబట్టి బిల్లు గుర్తుచేయడం వ్యాపారానికి ప్రాణమైతే, ఐఫోను ఉన్న ఇళ్ళకు ఎస్సెమ్మెస్‌నో వాట్సాప్‌నో ఆధారం చేసుకోవడం మేలు. అంతమాత్రానికే స్టోరు యాప్ కట్టనక్కరలేదు.

రెండవ అవసరం పాలు పోసే కుర్రవాళ్ళది, సాంకేతికంగా ఎక్కువ శ్రద్ధ కోరేదీ ఇదే. తెల్లవారుజామున అపార్టుమెంటు సెల్లారులో సిగ్నల్ ఉండదు. అక్కడ కుర్రవాడు 312 నంబరు ఇంటికి లీటరున్నర పోసినట్టు నొక్కితే, ఆ నమోదు ఇండెక్స్‌డ్‌డీబీ అనే బ్రౌజర్ నిల్వలో ఫోనులోనే ఉండి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు చేరాలి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ సింక్ అనే ఏర్పాటు ఉన్నందున, యాప్ మూసి ఉన్నా సర్వీస్ వర్కర్ మేల్కొని ఆ నమోదును పంపగలదు. ఐఫోనులో ఈ ఏర్పాటు లేదు, మళ్ళీ యాప్ తెరిచినప్పుడే పంపుతుంది. పాలు పోసేవారు ప్రతి ఇంటి దగ్గరా యాప్ తెరుస్తూనే ఉంటారు కాబట్టి ఆచరణలో ఈ లోటు పెద్దగా బాధించదు. చివరి ఇంటి నమోదు మాత్రం నిలిచిపోయే ప్రమాదం ఉంది, అందువల్ల ఇంకా పంపవలసిన నమోదుల సంఖ్య తెర పైభాగాన ఎప్పుడూ కనబడాలి, ఆ సంఖ్య సున్నా అయ్యాకే కుర్రవాడు ఇంటికి వెళ్ళాలి.

ఇటువంటి యాప్‌లో తరచుగా బయటపడే లోపాలు రెండున్నాయి. నమోదు సర్వర్‌కు చేరినా, చేరినట్టు జవాబు తిరిగి రాకముందే సిగ్నల్ పోతే, ఫోను దానినే మరోసారి పంపుతుంది. ఆ నెల 312 ఇంటివారు లీటరున్నర బదులు మూడు లీటర్ల బిల్లు చూసి దెబ్బలాటకు వస్తారు. ప్రతి నమోదుకూ ఫోనులోనే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ లెక్కించకుండా చేయడం దీనికి విరుగుడు. రెండవ లోపం పాత ధర. లీటరు ధర పెరిగిన మర్నాడు కూడా కొన్ని ఫోన్లలో పాత ధరే కనబడుతుంటే, సర్వీస్ వర్కర్ తాను దాచుకున్న ప్రతినే చూపుతున్నదని అర్థం. పైగా కొత్త సర్వీస్ వర్కర్ దిగినా, పాతది నడుపుతున్న పేజీలన్నీ మూసేదాకా అది మామూలుగా పని మొదలుపెట్టదు. అందుచేత బొత్తాలు, గుర్తులు వంటివి మాత్రమే దాచిన ప్రతి నుంచి చూపి, ధరలూ ఖాతాలూ ముందుగా సర్వర్‌నే అడిగేటట్టు ఏర్పరచాలి.

నిల్వ గురించి కూడా ఒక హద్దు గుర్తుంచుకోవాలి. సఫారీ 2020 నుంచి, వాడుకదారు బ్రౌజర్ వాడిన ఏడు రోజులపాటు ఒక సైటును తాకకపోతే ఆ సైటు తన ప్రోగ్రాం ద్వారా దాచుకున్న సమాచారాన్ని తుడిచివేస్తుంది. హోం స్క్రీన్‌కు చేర్చిన యాప్‌లకు ఈ నియమం వర్తించదు. ఫోనులోని నిల్వను దారిలో తాత్కాలికంగా ఆగే చోటుగా చూడాలే తప్ప లెక్కల పుస్తకంగా చూడకూడదు.

మూడవ అవసరం వ్యాన్లది. పల్లెల నుంచి వచ్చే వ్యాన్ ఎక్కడ ఉందో డెయిరీలో కూర్చున్నవారికి మ్యాపులో కనబడాలన్నది యజమాని కోరిక. డ్రైవరు ఫోను జేబులో పెట్టుకుని, తెర ఆర్పి, మూడు గంటలు బండి నడుపుతాడు. వెబ్ యాప్ ఆగిపోయే చోటు సరిగ్గా ఇదే. తెర వెలిగి ఉన్నంతసేపు పేజీ తన స్థలాన్ని చెప్పగలదు, తెర ఆరగానే ఆ ప్రవాహం ఆగిపోతుంది. తెర ఆరకుండా ఉంచమని పేజీ కోరే వీలున్నా, బ్యాటరీ కరిగిపోతుంది, డ్రైవరు మరో యాప్ తెరిచినా జాడ తెగుతుంది. ఈ లోపాన్ని గుర్తించడం సులభం: మ్యాపులో వ్యాన్ ఒక ఊరి దగ్గర అరగంట కదలకుండా నిలిచి, ఒక్కసారిగా పది కిలోమీటర్ల అవతల ప్రత్యక్షమవుతుంది. ఆండ్రాయిడ్ నేటివ్ యాప్ అయితే, నోటిఫికేషన్ పట్టీలో తాను నడుస్తున్నట్టు చూపుతూ ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ అనే పద్ధతిలో తెర ఆరినా స్థలాన్ని పంపగలదు. అయితే రెండు వ్యాన్ల కోసం ఆరువందల ఇళ్ళకూ స్టోరు యాప్ కట్టడం తగదు. బండికి విడిగా జీపీఎస్ పరికరం బిగించి, దాని సమాచారాన్ని అదే వెబ్ యాప్‌లో చూపడం చవక, నమ్మకమైనది కూడా.

స్టోరు మార్గం ఎంచుకుంటే మోయవలసిన భారం రుసుముతో తీరదు. గూగుల్‌కు ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టడం చిన్న విషయం. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లకు తగినట్టు యాప్‌ను ఏటా సవరించాలని ప్లే స్టోరు నియమం. సవరించకుండా వదిలేస్తే, కొంతకాలానికి ఆ యాప్ కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న ఫోన్లలో కొత్త వాడుకదారులకు స్టోరులో కనబడకుండా పోతుంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే, కనీసం పన్నెండుమందితో వరుసగా పధ్నాలుగు రోజులు పరీక్ష చేయించాకే విడుదలకు అర్హత పొందుతాయి. స్టోరు కమీషన్ గురించిన భయం మాత్రం డెయిరీకి అనవసరం, ఎందుకంటే అది యాప్‌లో అమ్మే డిజిటల్ సరుకుకే గానీ పాల వంటి వస్తువులకు వర్తించదు. డిజిటల్ సరుకు అమ్మేవారికి అది నిజమైన బరువే. చందాల విషయంలో యాపిల్ షరతులకు ఒప్పుకోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక 2011లో యాప్ స్టోరును వదిలి వెబ్ యాప్‌కు మారింది.

ప్లే స్టోరులో పేరు కనబడడమే ముఖ్యమనుకునే వ్యాపారానికి మధ్యేమార్గం ఒకటుంది. ట్రస్టెడ్ వెబ్ యాక్టివిటీ అనే పద్ధతిలో, ఉన్న వెబ్ యాప్‌నే ఒక పలుచని ఆండ్రాయిడ్ తొడుగులో పెట్టి స్టోరుకు పంపవచ్చు. సైటూ యాపూ ఒకరివేనని రుజువు చేసే `assetlinks.json` అనే ఫైలును సైటులోని `/.well-known/` సంచయంలో ఉంచాలి. అందులోని సంతకపు ముద్ర సరిపోలకపోతే యాప్ పైభాగాన అడ్రసు పట్టీ ప్రత్యక్షమై తప్పును వెంటనే పట్టిస్తుంది. తొడుగు వేసినంత మాత్రాన తెర ఆరిన తర్వాత పనిచేసే శక్తి వెబ్ యాప్‌కు రాదు. యాపిల్ దగ్గర ఈ దారి నమ్మదగినది కాదు, వెబ్‌సైటును యథాతథంగా చుట్టి తెచ్చిన యాప్‌లను కనీస ప్రయోజనం లేదన్న నిబంధన కింద వారు తిరస్కరిస్తారు.

డబ్బు ఖర్చు చేయకముందే ఈ నిర్ణయాన్ని పరీక్షించవచ్చు. పాలు పోసే నమోదు పేజీ ఒక్కటే తయారుచేయించి, డెయిరీలోని అతి చవకైన ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఒక ఐఫోనులోనూ పెట్టి, ఒక వారం నిజమైన వీధుల్లో, సెల్లారులతో సహా, కాగితపు పుస్తకంతో సమాంతరంగా నడపాలి. ప్రతి సాయంత్రం సర్వర్‌లోని లీటర్లను పుస్తకంలోని లీటర్లతో సరిచూడాలి, తేడా వచ్చిన ఇంటి పక్కన అప్పుడు తెర వెలిగి ఉందో ఆరి ఉందో, సిగ్నల్ ఉందో లేదో రాయాలి. తేడాలన్నీ సిగ్నల్ లేనప్పుడే వస్తుంటే అది వెబ్ యాప్‌లోనే సరిదిద్దదగిన లోపం. తెర ఆరినప్పుడు వస్తుంటే, ఆ ఒక్క పనికి మాత్రమే నేటివ్ యాప్ గురించి ధర అడగవలసిన సమయం వచ్చినట్టు.